రిస్క్ వాటాల ప్రకారం పెట్టుబడి: మూడు స్ట్రాటజీలను ఒకే పోర్ట్‌ఫోలియోగా కట్టడం ఎలా?

రూ.20 లక్షలు ఉన్నాయి, మూడు స్ట్రాటజీలు నడపాలి అనుకుందాం. మొదటిది నెలకోసారి మార్చే మొమెంటమ్ షేర్ల బుట్ట, అంటే ఈమధ్య బాగా పెరుగుతున్న షేర్లు. రెండోది నిఫ్టీ ఆప్షన్ సెల్లింగ్, అంటే నిఫ్టీ ఒక పరిధి దాటకపోతే లాభమిచ్చే, రెండు వైపులా హెడ్జ్ ఉన్న ఐరన్ కాండర్. మూడోది కమోడిటీ ఎక్స్ఛేంజ్ ఎంసీఎక్స్‌లో బంగారం, క్రూడ్, నేచురల్ గ్యాస్ ఫ్యూచర్స్ మీద ట్రెండ్ ఫాలోయింగ్, అంటే ధర ఎటు నడుస్తుంటే అటు పొజిషన్ తీసుకోవడం. చాలామంది చేసే పని డబ్బును మూడు సమాన భాగాలు చేయడం. చూడటానికి ఎవరికీ అన్యాయం జరగనట్టే ఉంటుంది. కానీ లెక్క వేసి చూస్తే మొత్తం రిస్క్‌లో సగానికి పైగా మొమెంటమ్ ఒక్కదానిదే అవుతుంది. అంటే పేరుకు మూడు స్ట్రాటజీలు, ఆడేది మాత్రం షేర్ మార్కెట్ మీదే.

డబ్బును కాకుండా రిస్క్‌ను పంచడం ఎలాగో ఈ మూడింటి మీదే మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం. సూత్రం చిన్నదే, ఎక్సెల్‌లో పది నిమిషాల పని. ఆ సూత్రంలోకి వెళ్లే అంకెలను నమ్మదగినవిగా చేసుకోవడమే అసలు పని. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.

1. ముందుగా ఒకే కొలత మీదికి తేవాలి

మూడు స్ట్రాటజీలకూ వారం వారం రాబడి శాతాలను ఒక షీట్‌లో పక్కపక్కనే పెట్టుకోండి. కనీసం మూడేళ్లవి ఉండాలి, అంటే 156 వారాలు. బ్రోకరేజ్, ఎస్‌టీటీ లేదా సీటీటీ పన్ను, అనుకున్న ధరకూ దొరికిన ధరకూ మధ్య తేడా అయిన స్లిప్పేజ్ పోగా మిగిలిన రాబడినే రాయండి. స్ట్రాటజీ ఏ పొజిషనూ తీసుకోని వారాలను ఖాళీగా వదలకుండా సున్నా వేయండి. లేకపోతే వోలటిలిటీ, అంటే రాబడిలో ఒడుదుడుకు, ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. కోరిలేషన్, అంటే రెండు స్ట్రాటజీలు ఎంతవరకు కలిసి కదులుతాయన్న కొలత, కూడా తప్పుతుంది.

రాబడి శాతం దేని మీద వేస్తున్నారన్నది ఇక్కడ ముఖ్యం. ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసేవాళ్లు మార్జిన్ మీద శాతం లెక్కేస్తారు, షేర్లు కొనేవాళ్లు పెట్టిన పూర్తి డబ్బు మీద వేస్తారు. ఈ రెండూ కలిపితే వచ్చే ఫలితానికి అర్థం ఉండదు. ప్రతి స్ట్రాటజీకీ ముందే ఒక కేటాయింపు మొత్తం అనుకోండి. ఆప్షన్ సెల్లింగ్‌కు రూ.5 లక్షలు అనుకుంటే, అందులో మార్జిన్‌గా రూ.2 లక్షలే వాడినా, లాభనష్టాల శాతం రూ.5 లక్షల మీదే వేయాలి. కేటాయింపు అంటే నష్టాన్ని మోయడానికి పక్కన పెట్టిన మొత్తం. బ్రోకర్ అడిగే మార్జిన్ దానికన్నా తక్కువే ఉండవచ్చు.

రోజువారీ రాబడి ఎందుకు వద్దంటే, ఎన్‌ఎస్‌ఈ మధ్యాహ్నం మూడున్నరకు మూతపడుతుంది, ఎంసీఎక్స్ మాత్రం రాత్రి పదకొండున్నర దాకా, కొన్ని నెలలు ఆ తర్వాత కూడా నడుస్తుంది. సాయంత్రం అమెరికా నుంచి వచ్చిన వార్తకు క్రూడ్ అదే రోజు కదులుతుంది, నిఫ్టీ మర్నాడు ఉదయం కదులుతుంది. రోజువారీ లెక్కలో ఈ రెండు కదలికలూ వేర్వేరు వరుసల్లో పడి, సంబంధం లేనట్టు కనిపిస్తాయి. వారం లెక్కలో ఈ లోపం చాలావరకు పోతుంది.

2. వోలటిలిటీ, కోరిలేషన్ కొలవడం

ఎక్సెల్‌లో ఒక్కో స్ట్రాటజీకి వార్షిక వోలటిలిటీ ఇలా వస్తుంది:

```
=STDEV.S(B2:B157)*SQRT(52)
=CORREL(B2:B157, C2:C157)
```

మన ఉదాహరణలో మొమెంటమ్‌కు 20 శాతం, ఆప్షన్ సెల్లింగ్‌కు 10 శాతం, ట్రెండ్‌కు 16 శాతం వచ్చిందనుకుందాం. మొమెంటమ్‌కూ ఆప్షన్ సెల్లింగ్‌కూ మధ్య కోరిలేషన్ 0.4, మొమెంటమ్‌కూ ట్రెండ్‌కూ 0, ఆప్షన్ సెల్లింగ్‌కూ ట్రెండ్‌కూ మైనస్ 0.1.

ఈ అంకెలను ఎంతవరకు నమ్మాలి? అసలు సంబంధమే లేని రెండు స్ట్రాటజీల మధ్య కూడా 156 వారాల డేటాలో కోరిలేషన్ సుమారు ప్లస్ 0.16 నుంచి మైనస్ 0.16 దాకా ఊరికే రావచ్చు. ఒకటిని 156 వర్గమూలంతో భాగిస్తే 0.08, దానికి రెట్టింపు 0.16. కాబట్టి ఆ మైనస్ 0.1ని చూసి ఒకటి పడితే ఇంకోటి లేస్తుందని అనుకోవడానికి వీల్లేదు, అది సున్నా కిందే లెక్క. నెలవారీ డేటాతో చేస్తే మూడేళ్లకు 36 అంకెలే ఉంటాయి, అప్పుడు ఈ హద్దు 0.33 దాకా పోతుంది. చిన్న నెగటివ్ కోరిలేషన్లను సున్నాకు సరిదిద్దడం మంచి అలవాటు. ఎందుకంటే సూత్రం ఆ మైనస్‌ను నిజమని నమ్మి, దాని పేరుతో కేటాయింపులు పెంచేస్తుంది.

3. రిస్క్ వాటా అంటే ఏమిటి, ఎలా వస్తుంది

ఒక స్ట్రాటజీ రిస్క్ వాటాలో మూడు విషయాలు కలిసి ఉంటాయి: దానికి ఎంత డబ్బు ఇచ్చాం, అది ఎంత ఊగుతుంది, మిగతావాటితో కలిసి ఎంత ఊగుతుంది. సూత్రంగా రాస్తే:

```
RC_i = w_i * (cov @ w)_i / (w @ cov @ w)
```

ఇక్కడ `RC_i` ఒక స్ట్రాటజీ రిస్క్ వాటా, `w` కేటాయింపులు, `cov` కోవేరియన్స్ పట్టిక, `@` మాత్రికల గుణకారం. రెండు స్ట్రాటజీల కోవేరియన్స్ కావాలంటే వాటి వోలటిలిటీలనూ కోరిలేషన్‌నూ గుణిస్తే చాలు. మొమెంటమ్, ఆప్షన్ సెల్లింగ్ మధ్య అది 0.20 × 0.10 × 0.4, అంటే 0.008.

సమానంగా పంచిన పోర్ట్‌ఫోలియోలో ఈ లెక్క వేస్తే మొమెంటమ్ వాటా 54 శాతం, ట్రెండ్ వాటా 27 శాతం, ఆప్షన్ సెల్లింగ్ వాటా 19 శాతం వస్తాయి. మూడూ కలిపి నూరు. మొత్తం పోర్ట్‌ఫోలియో వోలటిలిటీ 9.9 శాతం.

దీన్ని సరిచేయడానికి సులువైన మొదటి మెట్టు, వోలటిలిటీకి విలోమంగా డబ్బు ఇవ్వడం. 1ని 0.20తో, 0.10తో, 0.16తో భాగిస్తే 5, 10, 6.25 వస్తాయి. వాటి మొత్తం 21.25. అంటే మొమెంటమ్‌కు 23.5 శాతం, ఆప్షన్ సెల్లింగ్‌కు 47 శాతం, ట్రెండ్‌కు 29.4 శాతం. ఇప్పుడు రిస్క్ వాటాలు 39, 36, 25 అవుతాయి. మెరుగే, కానీ సమానం కాలేదు. కారణం కోరిలేషన్. మొమెంటమ్, ఆప్షన్ సెల్లింగ్ కలిసి పడే జంట కాబట్టి రెండింటి వాటాలూ పెరిగాయి, ఒంటరిగా నడిచే ట్రెండ్ వాటా తగ్గింది. స్ట్రాటజీలు రెండే ఉన్నా, లేదా అన్ని జంటల మధ్యా కోరిలేషన్ ఒకేలా ఉన్నా, ఈ విలోమ పద్ధతే సరిగ్గా సమాన వాటాలు ఇస్తుంది. మిగతా సందర్భాల్లో కోరిలేషన్‌ను కూడా కలిపి పరిష్కరించాలి:

```python
import numpy as np

def risk_budget(cov, target, n=2000):
    w = 1 / np.sqrt(np.diag(cov))
    w = w / w.sum()
    for _ in range(n):
        rc = w * (cov @ w)
        rc = rc / rc.sum()
        w = w * np.sqrt(target / rc)
        w = w / w.sum()
    return w

vol = np.array([0.20, 0.10, 0.16])
cor = np.array([[1, 0.4, 0], [0.4, 1, -0.1], [0, -0.1, 1]])
cov = np.outer(vol, vol) * cor
print(risk_budget(cov, np.ones(3) / 3).round(3))
```

ప్రతి చుట్టులోనూ వాటా ఎక్కువైన స్ట్రాటజీకి డబ్బు కొంచెం తగ్గుతుంది, తక్కువైనదానికి పెరుగుతుంది, వాటాలు లక్ష్యానికి చేరేదాకా ఇలా సాగుతుంది. ఏదైనా వాటా నెగటివ్‌లోకి వెళ్తే వర్గమూలం దగ్గర `nan` వస్తుంది. అలా వస్తే ముందు చూడాల్సింది కోడ్‌ను కాదు, పట్టికలోని పెద్ద నెగటివ్ కోరిలేషన్‌ను.

ఫలితం ఇదీ: మొమెంటమ్‌కు 21.3 శాతం, ఆప్షన్ సెల్లింగ్‌కు 45.4 శాతం, ట్రెండ్‌కు 33.3 శాతం. రిస్క్ వాటాలు మూడింటికీ సమానం. పోర్ట్‌ఫోలియో వోలటిలిటీ 8.8 శాతానికి దిగింది. చాలా గైడ్‌లు ఇక్కడితో ముగుస్తాయి. ఈ ఫలితాన్ని ఇలాగే అమలు చేస్తే మాత్రం ప్రమాదం.

4. ఆప్షన్ సెల్లింగ్ వోలటిలిటీని సరిచేయడం

రూ.20 లక్షల్లో రూ.9 లక్షలకు పైగా ఆప్షన్ సెల్లింగ్‌కు ఎందుకు వెళ్లింది? దాని వోలటిలిటీ 10 శాతమే కాబట్టి. కానీ ఆ 10 శాతం ఏం చెబుతోంది? ఎక్కువ వారాల్లో కొద్దికొద్దిగా ప్రీమియం లాభం వచ్చిందని, ఎప్పుడో ఒకసారి పెద్ద దెబ్బ తగిలిందని. ఆ దెబ్బ మీ మూడేళ్ల డేటాలో పడకపోతే వోలటిలిటీ ఇంకా చిన్నగా కనిపిస్తుంది. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఊపులో నిఫ్టీ 3 శాతానికి పైగా లేచింది, మర్నాడు ఫలితాల రోజున దాదాపు 6 శాతం పడింది. 2020 మార్చి 23న ఒక్కరోజే 13 శాతం పడింది. ఈ రెండింటినీ చూడని డేటాతో ఆప్షన్ అమ్మకాల రిస్క్ కొలిస్తే, కొలిచింది ప్రశాంతమైన రోజుల్ని మాత్రమే.

దీనికి ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. ప్రతి స్ట్రాటజీకీ అత్యంత చెడ్డ నెల ఎలా ఉండగలదో అంచనా వేయండి. చరిత్రలో వచ్చిన నష్టం, పొజిషన్ నిర్మాణాన్ని బట్టి రాగల నష్టం, ఈ రెండింటిలో పెద్దదాన్ని తీసుకోండి. అది నెలవారీ వోలటిలిటీకి నాలుగు రెట్లు దాటకూడదు. దాటితే, ఆ నష్టాన్ని నాలుగుతో భాగించి, 12 వర్గమూలంతో గుణించి, వచ్చిన అంకెనే ఆ స్ట్రాటజీ వోలటిలిటీగా వాడండి. ఆ నాలుగు అన్నది ఏ సిద్ధాంతమూ చెప్పింది కాదు, మన తీర్పు. కానీ అన్ని స్ట్రాటజీలకూ అదే గీటురాయి వాడాలి.

మొమెంటమ్‌కు 20 శాతాన్ని 12 వర్గమూలంతో భాగిస్తే నెలకు 5.8 శాతం, నాలుగు రెట్లు 23 శాతం. 2020 మార్చి నెల మొత్తంలో నిఫ్టీ పడింది 23 శాతమే, కాబట్టి సరిగ్గా హద్దు మీద నిలిచింది. మీ బుట్టలో మిడ్‌క్యాప్‌లు ఎక్కువుంటే నష్టం ఇంకా ఎక్కువ అనుకోవాలి. ట్రెండ్‌కు హద్దు 18.5 శాతం. పాత డేటా మీద స్ట్రాటజీని నడిపి చూసే బ్యాక్‌టెస్ట్‌లో చెడ్డ నెల నష్టం 12 శాతం అయితే ఇబ్బంది లేదు. ఆప్షన్ సెల్లింగ్‌కు హద్దు 11.5 శాతమే, కానీ కాండర్ ఒక వైపు పూర్తిగా దెబ్బతింటే, మిగతా వారాల చిల్లర నష్టాలతో కలిపి నెలకు 20 శాతం పోగలదు. 20ని నాలుగుతో భాగించి 3.46తో గుణిస్తే 17.3 శాతం. ఇకపై దాని వోలటిలిటీ 10 కాదు, 17.3.

కోరిలేషన్‌కూ ఇలాంటి పరీక్షే ఉంది. 156 వారాల్లో నిఫ్టీ బాగా పడిన 15 వారాలను విడిగా తీసి, వాటిలో ఒక్కో స్ట్రాటజీ సగటు రాబడి ఎంతో చూడండి. ఆ 15 వారాల మీదే `CORREL` వేయకండి. ఎంపిక చేసిన వారాల మీద వేసే కోరిలేషన్ సహజంగానే వంకరగా వస్తుంది. సగటు నష్టం చూస్తే చాలు. ఆ వారాల్లో మొమెంటమ్, ఆప్షన్ సెల్లింగ్ రెండూ గట్టిగా నష్టపోయి ఉంటే, మామూలు రోజుల 0.4ను పక్కనపెట్టి 0.7 వాడండి. మార్కెట్ కూలినప్పుడు షేర్లూ పడతాయి, మార్కెట్ భయాన్ని కొలిచే ఇండియా విక్స్ ఎగసి అమ్మిన పుట్‌ల ధరా పెరుగుతుంది. రెండు నష్టాలకూ మూలం ఒకటే.

కొత్త అంకెలతో, మైనస్ 0.1ని సున్నా చేసి, మళ్లీ లెక్క వేద్దాం. ఈసారి కాగితం మీదే తేలిపోతుంది. మొమెంటమ్, ఆప్షన్ సెల్లింగ్ రెండింటికీ ట్రెండ్‌తో సంబంధం లేదు, వాటి మధ్య 0.7. కాబట్టి ఒక్కో యూనిట్ రిస్క్ తీసుకుంటే, ఒక్కోదాని వాటా 1 + 0.7, అంటే 1.7. ట్రెండ్ వాటా కూడా 1.7 కావాలంటే దానికి 1.7 వర్గమూలం, అంటే 1.304 యూనిట్లు ఇవ్వాలి. వోలటిలిటీలతో భాగిస్తే 5, 5.78, 8.15. శాతాల్లో మొమెంటమ్‌కు 26.4, ఆప్షన్ సెల్లింగ్‌కు 30.5, ట్రెండ్‌కు 43. కోడ్‌లో `vol`, `cor` మార్చినా ఇవే రావాలి. ఇది కోడ్ సరిగా ఉందో లేదో చూసుకునే పరీక్షగా కూడా పనికొస్తుంది.

ఆప్షన్ సెల్లింగ్ 45 నుంచి 30 శాతానికి దిగింది. సూత్రం మారలేదు, ఇన్‌పుట్ మారింది.

5. మొత్తం రిస్క్ స్థాయిని నిర్ణయించడం

ఇప్పటిదాకా చూసింది పంపకం. ఎంత రిస్క్ తీసుకోవాలన్నది వేరే ప్రశ్న. పోర్ట్‌ఫోలియో వోలటిలిటీ 10 శాతం దాటకూడదని లక్ష్యం పెట్టుకుందాం. దీని అర్థం, ఎప్పుడో ఒకప్పుడు 20 శాతం డ్రాడౌన్, అంటే గరిష్ఠ స్థాయి నుంచి అంత పతనం, చూడటానికి సిద్ధపడటం. సరిచేసిన అంకెలతో మన పోర్ట్‌ఫోలియో వోలటిలిటీ 11.9 శాతం. 10ని 11.93తో భాగిస్తే 0.838. అంటే రూ.20 లక్షల్లో రూ.16.76 లక్షలే మూడు స్ట్రాటజీలకు కేటాయించాలి. మొమెంటమ్‌కు రూ.4.43 లక్షలు, ఆప్షన్ సెల్లింగ్‌కు రూ.5.12 లక్షలు, ట్రెండ్‌కు రూ.7.21 లక్షలు. మిగతా రూ.3.24 లక్షలు లిక్విడ్ ఫండ్‌లో ఉండాలి.

సరిచేయని అంకెలతో ఇదే పని చేస్తే ఏమయ్యేదో చూడండి. వోలటిలిటీ 8.8 శాతమే కాబట్టి లక్ష్యం చేరడానికి ఇంకా పెంచుకోవచ్చని షీట్ చెప్పేది. కేటాయింపు రూ.22.67 లక్షలకు చేరేది, అందులో ఆప్షన్ సెల్లింగ్ రూ.10.3 లక్షలు. డెరివేటివ్స్‌లో పెట్టేది మార్జినే కాబట్టి ఇది సాధ్యమే కూడా. ఇప్పుడు 2020 మార్చి లాంటి నెల వచ్చి మొమెంటమ్ 23 శాతం, ఆప్షన్ సెల్లింగ్ 20 శాతం పడి, ట్రెండ్ ఏ సాయమూ చేయలేదనుకుందాం. సరిచేయని పోర్ట్‌ఫోలియో ఒక్క నెలలో దాదాపు రూ.3.17 లక్షలు, అంటే 16 శాతం పోగొట్టుకుంటుంది. సరిచేసింది రూ.2.04 లక్షలు, 10 శాతం. లక్ష్యం రెండింటికీ ఒకటే, 10 శాతం వోలటిలిటీ.

6. కేటాయింపులను లాట్లుగా మార్చడం

కాగితం మీది శాతాలు లాట్ సైజుల దగ్గరే దెబ్బతింటాయి. ట్రెండ్‌నే తీసుకుందాం. రూ.7.21 లక్షల మీద 16 శాతం వార్షిక వోలటిలిటీ అంటే రోజుకు సుమారు 1 శాతం, రూ.7,200. బంగారం 10 గ్రాములు రూ.1,00,000 అనుకుంటే, 100 గ్రాముల గోల్డ్ మినీ ఒక్క లాట్ విలువ రూ.10 లక్షలు. రోజుకు 1 శాతం కదిలితే రూ.10,000. అంటే ఒక్క గోల్డ్ మినీ లాట్‌తోనే మొత్తం ట్రెండ్ స్ట్రాటజీ రిస్క్ బడ్జెట్ దాటిపోయింది. మార్జిన్ సరిపోతోంది కదా అని ఆ లాట్ కొంటే, ఇంతసేపు వేసిన లెక్కలన్నీ వృథా.

మూడు సరుకులూ ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేనివి అనుకుంటే, ఒక్కోదానికి రోజువారీ రిస్క్ 7,200ను 3 వర్గమూలంతో భాగించగా వచ్చే రూ.4,150. గోల్డ్ గినియా 8 గ్రాములది, లాట్ విలువ రూ.80,000, రోజుకు కదిలేది రూ.800. కాబట్టి 5 లాట్లు. క్రూడ్ మినీ 10 బ్యారెళ్లు. ధర రూ.5,500, రోజువారీ కదలిక 2.2 శాతం అయితే లాట్‌కు రూ.1,210, కాబట్టి 3 లాట్లు. నేచురల్ గ్యాస్ మినీ 250 యూనిట్లు. ధర రూ.270, కదలిక 4 శాతం అయితే లాట్‌కు రూ.2,700, కాబట్టి ఒక్కటే లాట్. భిన్నాలను ఎప్పుడూ కిందికే సవరించండి. ధరలు, కదలికలు ఇక్కడ ఉదాహరణకు తీసుకున్నవి. మీరు ఆనాటి ధరా, గత 60 రోజుల కదలికా వేసుకోవాలి. చిన్న కాంట్రాక్టుల్లో కొనేవాళ్లు, అమ్మేవాళ్లు తక్కువ. ఆర్డర్ వేసే ముందు బిడ్, ఆస్క్ తేడా చూసి, ఆ ఖర్చును బ్యాక్‌టెస్ట్‌లోనూ కలపండి. ఇక వెండిని నాలుగో సరుకుగా చేర్చి నాలుగు వర్గమూలంతో భాగించాలనిపిస్తే ఆగండి. బంగారం, వెండి చాలావరకు కలిసే నడుస్తాయి, రెండింటికీ కలిపి ఒకే వాటా ఇవ్వాలి.

క్రూడ్ విషయంలో ఇంకొక్క జాగ్రత్త. 2020 ఏప్రిల్‌లో అమెరికా క్రూడ్ ధర సున్నా కిందికి పడినప్పుడు ఎంసీఎక్స్ ఏప్రిల్ కాంట్రాక్ట్ బ్యారెల్‌కు మైనస్ రూ.2,884 దగ్గర సెటిల్ అయింది. ఎక్స్‌పైరీ దాకా పొజిషన్ ఉంచుకుంటే ఏ వోలటిలిటీ లెక్కా కాపాడదు. కొన్ని రోజుల ముందే తర్వాతి నెల కాంట్రాక్టుకు మారాలి.

ఆప్షన్ సెల్లింగ్‌లో లాట్లు గరిష్ఠ నష్టం నుంచే రావాలి. రూ.5.12 లక్షల్లో 20 శాతం అంటే రూ.1.02 లక్షలు. కాండర్‌లో ఒక్కో వైపు వెడల్పు 500 పాయింట్లు, వచ్చిన ప్రీమియం 60 పాయింట్లు, నిఫ్టీ లాట్ 65 అనుకుంటే ఒక లాట్ గరిష్ఠ నష్టం 440 × 65, అంటే రూ.28,600. మూడు లాట్లకు రూ.85,800. మిగిలే రూ.16,000 చిల్లర ఖర్చులకూ, చిన్న నష్టాలకూ. నాలుగో లాట్‌కు చోటు లేదు, మార్జిన్ ఎంత మిగిలి ఉన్నా సరే. పూర్తి నష్టం వచ్చిన నెలలో మళ్లీ కొత్త పొజిషన్ తీసుకోకూడదన్న నియమం ఉంటేనే ఈ 20 శాతం నిలుస్తుంది. పోయింది రాబట్టుకోవాలని తర్వాతి వారమే దిగితే, నెల నష్టం 35 శాతానికి పోవడం ఎంతసేపు! ఎన్‌ఎస్‌ఈ లాట్ సైజును అప్పుడప్పుడూ మారుస్తుంది, మారినప్పుడల్లా ఈ గుణకారం మళ్లీ చేయాలి.

మొమెంటమ్‌లో ఇబ్బంది లేదు. 15 షేర్లకు తలా రూ.29,500.

7. మార్జిన్ దారిన వచ్చే కోరిలేషన్

రాబడి పట్టికలో ఎక్కడా కనిపించని సంబంధం ఒకటుంది. మొమెంటమ్ షేర్లను ప్లెడ్జ్ చేసి, అంటే బ్రోకర్ దగ్గర తాకట్టు పెట్టి, ఆ మార్జిన్‌తో ఆప్షన్లు అమ్మడం మన దగ్గర చాలా మామూలు. షేర్లు పడినప్పుడు ప్లెడ్జ్ విలువ తగ్గుతుంది, తాకట్టు విలువలో కోత వేసే హెయిర్‌కట్ పెరగవచ్చు, అదే రోజు ఆప్షన్లకు అడిగే మార్జిన్ కూడా పెరుగుతుంది. డబ్బు సర్దలేకపోతే బ్రోకర్ పొజిషన్లు మూసేస్తాడు, అదీ అత్యంత చెడ్డ ధర దగ్గర. పైగా ఓవర్‌నైట్ ఎఫ్ అండ్ ఓ పొజిషన్లకు మార్జిన్‌లో సగం నగదు రూపంలోనో, నగదుతో సమానంగా చూసే లిక్విడ్ ఫండ్ లాంటి వాటి రూపంలోనో ఉండాలి. కాబట్టి ప్లెడ్జ్ చేయాల్సింది లిక్విడ్ ఫండ్ యూనిట్లు. షేర్లను వదిలేయండి. ఈ పోర్ట్‌ఫోలియోలో ఆప్షన్లు, ట్రెండ్ కేటాయింపుల్లో వాడకుండా మిగిలే డబ్బూ, పక్కనపెట్టిన రూ.3.24 లక్షలూ కలిసి ఇందుకు సరిపోతాయి. ఒక పరీక్ష: ఇవాళ్టి మార్జిన్ రెట్టింపు అయితే షేర్లు అమ్మకుండా సర్దగలరా? లేదంటే లాట్లు ఎక్కువయ్యాయి.

8. ఎప్పుడు సర్దాలి, ఎప్పుడు కదపకూడదు

నెలకోసారి రిస్క్ వాటాలు లెక్కించండి, మూడు నెలలకోసారి మాత్రమే మార్పులు చేయండి. లక్ష్యం 33 శాతం అయితే, 25 నుంచి 42 మధ్య ఉన్నంతకాలం ముట్టుకోవద్దు. హద్దు దాటితే ముందు డెరివేటివ్ లాట్లను పెంచో తగ్గించో సర్దండి. షేర్లు అమ్మితే ఏడాది నిండనివాటి లాభంపై 20 శాతం పన్ను పడుతుంది. చేతికి కొత్త డబ్బు వస్తే వాటా తగ్గినదానికి ఇవ్వడం అన్నిటికన్నా చవక.

వోలటిలిటీని నెలనెలా తాజా డేటాతో నవీకరిస్తే ఒక ఉచ్చు ఎదురవుతుంది. మార్కెట్ నిద్రపోతున్న ఆరు నెలల్లో ఆప్షన్ సెల్లింగ్ వోలటిలిటీ 6 శాతానికి పడిపోతుంది, సూత్రం దానికి మరింత డబ్బు ఇమ్మంటుంది, తుఫానుకు ముందు లాట్లు గరిష్ఠంగా ఉంటాయి. అందుకే నాలుగు రెట్ల పరీక్ష నుంచి వచ్చిన 17.3 శాతం దానికి కనీస హద్దు. కొలిచిన వోలటిలిటీ అంతకన్నా పెరిగితే పెరిగిన అంకె వాడండి, తగ్గితే 17.3 దగ్గరే ఆగండి. మిగతా రెండింటికీ మూడేళ్ల సగటు, గత 60 రోజుల కొలత, ఈ రెండింట్లో పెద్దది వాడటం సురక్షితం.

కోరిలేషన్ మారిందని తొందరపడకండి. 26 వారాల డేటాలో కోరిలేషన్ 0.4 దాకా ఊరికే అటూ ఇటూ ఊగుతుంది. మొమెంటమ్, ట్రెండ్ మధ్య సున్నా కాస్తా 0.25 అయితే అది వార్త కాదు. 0.5 దాటి రెండు త్రైమాసికాలు నిలిస్తే, ట్రెండ్ ఏం పట్టుకుని ఉందో తెరిచి చూడండి. క్రూడ్‌లో లాంగ్ ఉండి, షేర్ల బుట్టలో చమురు, లోహాల కంపెనీలే నిండి ఉండవచ్చు. అప్పుడు పట్టికను సవరించాలి.

ఈ పద్ధతి స్ట్రాటజీ లాభం ఇస్తుందో లేదో అడగదు. ఖర్చులు పోగా నష్టమిచ్చే స్ట్రాటజీ అయినా, మిగతావాటితో సంబంధం లేకుండా ఊగితే చాలు, దానికి పూర్తి వాటా ఇచ్చేస్తుంది. కాబట్టి లాభదాయకత పరీక్ష ముందే వేరుగా జరగాలి, ఒక స్ట్రాటజీ మీద నమ్మకం తక్కువుంటే `target`లో దాని వాటా తగ్గించాలి. గత త్రైమాసికంలో బాగా గెలిచిందని వాటా పెంచడం మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం.

9. నాలుగోదాన్ని చేర్చడం

ఒకే వోలటిలిటీ ఉన్న నాలుగు స్ట్రాటజీలకు ఏ సంబంధమూ లేకపోతే మొత్తం వోలటిలిటీ సగానికి దిగుతుంది. వాటి మధ్య సగటు కోరిలేషన్ 0.3 అయితే 69 శాతానికే దిగుతుంది, ఇంకా ఎన్ని చేర్చినా 55 శాతం కిందికి రాదు. కాబట్టి సంఖ్య పెంచడం కన్నా నష్టానికి కారణం వేరైనదాన్ని వెతకడమే ప్రయోజనం. కాల్, పుట్ రెండూ అమ్మే బ్యాంక్ నిఫ్టీ స్ట్రాంగిల్‌ను నాలుగోదిగా చేర్చి తలా 25 శాతం ఇస్తే, రిస్క్‌లో సగం ఒకే పందెం మీద, అంటే మార్కెట్ పెద్దగా కదలదన్న పందెం మీద పడుతుంది. అలాంటిది వస్తే పాత ఆప్షన్ సెల్లింగ్ వాటాలోనే చెరిసగం పంచాలి.

నిజంగా వేరైనది దొరికితే, ఉదాహరణకు ఒకే రంగంలోని రెండు షేర్ల ఫ్యూచర్స్‌లో ఒకటి కొని ఇంకోటి అమ్మే పెయిర్ ట్రేడింగ్, మొదటి 26 వారాలు చిన్న వాటాతో నడపండి: `target = np.array([0.30, 0.30, 0.30, 0.10])`. వోలటిలిటీని బ్యాక్‌టెస్ట్ చెప్పినదానికన్నా సగం ఎక్కువ వేసుకోండి. రెండు షేర్లలో ఒకదాని మీద విలీనం వార్తో, ఆడిటర్ రాజీనామా వార్తో వస్తే జంట విడిపోయి ఎంత పోతుందో పైన చెప్పిన నాలుగు రెట్ల పరీక్షలో పెట్టండి. ఆ 26 వారాల్లో నిజంగా పడిన స్లిప్పేజ్ బ్యాక్‌టెస్ట్ అంకెకు దగ్గరగా ఉంటే వాటాను 0.25కు తెచ్చి, మిగతా మూడింటినీ అంతే చేయండి.